మక్కల గోదాంకు ఎలుక రాకుండా: జాలీ ఏ గేజ్? షట్టర్ సందుకు ఏం చేయాలి?

నర్సంపేట మక్కలు

అందరికీ నమస్తే. నర్సంపేట దగ్గర మాకు చిన్న గోదాం లేస్తోంది. నలభై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు, నేల నుంచి రెండడుగుల ఎత్తు ప్లింత్. మక్కలు, వడ్ల విత్తనం సంచుల్లో నాలుగైదు నెలలు నిల్వ ఉంటాయి. గోడలు అయిపోయాయి, ప్లాస్టరింగ్ నడుస్తోంది. ముందు పదడుగుల రోలింగ్ షట్టర్, పక్కన ఒక ఇనుప తలుపు. పైన ఆరు వెంటిలేటర్లు, ఒక్కోటి రెండడుగులు బై అడుగున్నర. మూలకు వాష్‌రూం ఉంది, దాని నాలుగు అంగుళాల పీవీసీ పైపు గోడలోంచి బయటికి పోతుంది.

వెంటిలేటర్లకు జాలీ కొందామని వరంగల్ పోయాను. ఒక షాపాయన అర అంగుళం కన్ను, 16 గేజ్ వేసుకో, ఏ ఎలుకా తెంపలేదు అన్నాడు. పక్క షాపులో పావు అంగుళం, 24 గేజ్ చాలు, ఊళ్ళో అందరూ ఇదే వేస్తారు అన్నారు. రేటులో చాలా తేడా ఉంది. మేస్త్రిని అడిగితే ఏదైనా ఒకటే అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ ఫ్లాట్

మాకూ ఇదే టెన్షన్ అండీ. నాలుగో అంతస్తులో ఉంటాం, అయినా వంటింట్లోకి వస్తున్నాయి. జిగురు అట్టలు పెట్టి చూశాం, మొదట ఒకటి రెండు పడ్డాయి, తర్వాత వాటి పక్క నుంచే పోతున్నాయి. ఏ కంపెనీ అట్ట మంచిది?

నర్సంపేట మక్కలు

మేడం, నేను పట్టడం గురించి కాదు, లోపలికి రాకుండా కట్టడం గురించి అడుగుతున్నా.

కరీంనగర్ బిల్డర్

తమ్మీ, షాపాయన చెప్పింది కరెక్టే. 16 గేజ్ వేసుకో. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ తీగ లావు, లావైతేనే ఎలుక పన్ను ఆగుతుంది. 24 గేజ్ అంటే వెంట్రుకతో సమానం, పందికొక్కు రెండు రాత్రుల్లో కొరికేస్తుంది. మా సైట్లలో అన్నీ అర అంగుళం వెల్డ్ మెష్‌లే. గట్టిది వేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

బిల్డర్ గారు తీగ గురించి చెప్పింది నిజమే, కన్ను సంగతి వదిలేశారు. జాలీకి రెండు కొలతలుంటాయి, రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. తీగ లావు కొరకకుండా ఆపుతుంది, కన్ను సైజు దూరకుండా ఆపుతుంది. అర అంగుళం 16 గేజ్ జాలీలో తీగ దాదాపు 1.6 మిల్లీమీటర్లు. అంటే కన్నులో 11 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు దొరికితే చాలు. తల పట్టిందంటే ఒళ్ళంతా పడుతుంది. ఆ జాలీ తెంపాల్సిన పనే లేదు దానికి, నడిచి వస్తుంది.

రెండో షాపులో చూపించిన 24 గేజ్ పావు అంగుళంలో కన్ను 5.8 మిల్లీమీటర్లు. చిట్టెలుక ఆగుతుంది. కానీ తీగ అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. పెద్ద ఎలుక, పందికొక్కు దాన్ని వంచి, లాగి, కొరికి దారి చేసుకుంటాయి. అంటే ఇద్దరు షాపువాళ్ళూ చెరో ఎలుకకు సమాధానం చెప్పారు. మీ గోదాంకు రెండూ వస్తాయి కాబట్టి కన్ను పావు అంగుళం, తీగ 19 గేజ్, అంటే సుమారు ఒక మిల్లీమీటరు ఉన్న వెల్డ్ మెష్ అడగండి. కన్నులో ఖాళీ 5.3 మిల్లీమీటర్లు వస్తుంది.

షాపులో గేజ్ అని ఏదో ఒక నంబర్ చెప్పి ఇచ్చేస్తారు. మాటల మీద ఆధారపడొద్దు. జేబులో 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ ఒకటి వేసుకుని వెళ్ళండి. జాలీలో నాలుగైదు చోట్ల గుచ్చి చూడండి, ఎక్కడా దూరకూడదు. తీగ లావుకు వెర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే పది తీగలు పక్కపక్కన ఆనించి స్కేలుతో కొలవండి, ఒక సెంటీమీటరు రావాలి.

పరకాల పత్తి

మేడం, మాకు గేజ్ అంటే రేకుది తెలుసు. తలుపు కింద కొట్టే జీఐ రేకు 24 గేజ్ అనే అన్ని చోట్లా రాసి ఉంటుంది. రేకుకు సరిపోయిన నంబర్ తీగకు ఎందుకు సరిపోదు?

గోదాముల ఏఈ (రిటైర్డ్)

మంచి పాయింట్. చాలామంది ఇక్కడే తికమకపడతారు. చదునుగా, గోడకో తలుపుకో ఆనుకుని ఉన్న రేకు మీద ఎలుకకు పన్ను పెట్టే అంచు దొరకదు. గీకుతుంది, జారుతుంది, వదిలేస్తుంది. అందుకే తలుపు కింది భాగానికి 24 గేజ్ రేకు చాలు. అదే మందం తీగగా ఉన్నప్పుడు ప్రతి కన్నూ నాలుగు అంచులే. పైపెచ్చు వెల్డ్ విడిపోతే తీగ పక్కకు జరుగుతుంది. రేకు కూడా అంచు తేలి ఉంటే కొరుకుతుంది, కాబట్టి అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా వేయాలి.

అల్లిన జాలీ తీసుకోవద్దని కూడా చెప్పాలి. దోమల జాలీ, కోళ్ళ గూడుకు వాడే ఆరు మూలల జాలీ లెక్కలోకే రావు. అల్లిన దాంట్లో తీగ లావుగా ఉన్నా ముక్కుతో నెడితే కన్ను పెద్దదవుతుంది. వెల్డ్ మెష్‌లో కన్ను కదలదు.

నర్సంపేట మక్కలు

అర్థమైంది మేడం. ఇప్పుడు ఇంకో భయం. అంత చిన్న కన్ను వేస్తే గాలి ఎలా? మక్కలు చెమ్మగిల్లితే బూజు పడుతుంది, ఎలుక కంటే అదే పెద్ద నష్టం.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

లెక్క వేసి చూద్దాం. పావు అంగుళంలో ఒక మిల్లీమీటరు తీగ పోతే, కన్ను విస్తీర్ణం మొత్తంలో సుమారు 70 శాతం. మీవి ఆరు వెంటిలేటర్లు, ఒక్కోటి మూడు చదరపు అడుగులు, మొత్తం పద్దెనిమిది. జాలీ బిగించాక నిజంగా తెరిచి ఉండేది పన్నెండు, పదమూడు. ఒకటిన్నర, రెండు వెంటిలేటర్లు మూసేసినట్టే. ప్లాస్టరింగ్ ఇంకా అవుతోందన్నారు కదా, వీలైతే రెండు వెంటిలేటర్లు పెంచండి, అంతే. జాలీ కన్ను పెంచి గాలి తెచ్చుకోవద్దు.

అసలు సమస్య దుమ్ము. మక్కల పొట్టు, వడ్ల దుమ్ము ఈ కన్నుల్లో పేరుకుంటుంది. ఒక సీజన్ తర్వాత 70 కాస్తా సగానికి పడిపోతుంది. కాబట్టి జాలీని గోడలో సిమెంటు పెట్టి పూడ్చేయకండి. ఇనుప పట్టీల చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని బయటివైపు నుంచి స్క్రూలతో పెట్టండి. ఏడాదికి రెండుసార్లు విప్పి బ్రష్ కొట్టాలి. చట్రానికీ గోడకూ మధ్య సందు మిగిలితే మాత్రం జాలీ ఉన్నా లేనట్టే.

పరకాల పత్తి

ఎనుమాముల యార్డు చుట్టుపక్కల గోదాములు చూస్తే పత్తి నూగుతో జాలీలు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. విప్పి కొట్టినవాడు ఎవడూ కనబడడు. చట్రం విప్పేటట్టు పెట్టినా స్క్రూలు తుప్పు పట్టి కదలవు. జీఐ స్క్రూలు కాకుండా స్టెయిన్‌లెస్ వేస్తే మేలు.

కాజీపేట వెల్డర్

జాలీ సంగతి వదిలెయ్యండి అన్నా, ఎలుకలు వచ్చేది నూటికి తొంభై షట్టర్ కింద నుంచే, నేను చూసినంతలో. మొదట నేల సమంగా ఉంటుంది. లారీ నుంచి దించే ట్రాలీలు, సంచులు తగిలి నాలుగు నెలల్లో మధ్యలో గుంట పడుతుంది. షట్టర్ అంచులు ఆనుతాయి, మధ్యలో వేలు పట్టేంత సందు. అప్పుడు రబ్బరు పట్టీ వేయించుకుంటారు. రబ్బరును ఎలుక వారంలో తినేస్తుంది. మళ్ళీ మా దగ్గరికే వస్తారు.

నేను చేసేది ఇది. కాంక్రీటు వేసేటప్పుడే షట్టర్ పొడవునా నేలలో 40 బై 40, 5 మందం యాంగిల్ దించుతా. యాంగిల్ అంచు నేలకు సమంగా, లెవెల్ చూసి. షట్టర్ కింది పట్టీ దాని మీద ఇనుము మీద ఇనుములా కూర్చుంటుంది. యాంగిల్‌కు కాళ్ళు వెల్డ్ చేసి కాంక్రీటులో పాతాలి, లేకపోతే ట్రాలీ చక్రం దాన్ని పీకేస్తుంది. అయిపోయిన పని మీద అయితే నేల కోసి, గాడి తీసి పెట్టాలి, ఖర్చు రెట్టింపు. మీది ఇంకా ఫ్లోరింగ్ కాలేదంటే ఇప్పుడే చెప్పండి మేస్త్రికి.

నర్సంపేట మక్కలు

ఫ్లోరింగ్ వచ్చే వారం అన్నా. పని ఆపించి యాంగిల్ పెట్టిస్తా. షట్టర్ పైన కూడా సందు ఉంటుందిగా?

కాజీపేట వెల్డర్

ఉంటుంది. చుట్ట లింటెల్ వెనక ఉంటుంది కదా, లింటెల్‌కూ షట్టర్ పలకలకూ మధ్య ఒక అంగుళం, ఒక్కోసారి అంగుళంన్నర ఖాళీ. ఎలుక పక్క గైడు పట్టుకుని ఎక్కి అందులోంచి దూకుతుంది. చాలామంది కింద అంతా కట్టుదిట్టం చేసి పైన వదిలేస్తారు. లింటెల్‌కు రేకు మడిచి బిగిస్తా, పలకకు 5 మిల్లీమీటర్ల దూరం ఉంచి.

కరీంనగర్ బిల్డర్

షట్టర్ చుట్టుకునేకొద్దీ చుట్ట లావవుతుంది. మూసినప్పుడు పలకలు ఒక చోట ఉంటాయి, తెరిచినప్పుడు ముందుకు వస్తాయి. రేకు రాసుకుని పలకల మీద గీతలు పడతాయి, పెయింట్ లేచిపోతుంది. నా సైట్‌లో అలాగే అయింది, తీసి పారేశాం.

కాజీపేట వెల్డర్

మీ వెల్డర్ రేకును చుట్ట దగ్గర పెట్టి ఉంటాడు. దాన్ని గైడు నోటి దగ్గర పెట్టాలి. అక్కడ పలక గైడులో బిగిసి ఉంటుంది, ముందుకూ వెనక్కూ జరగదు. చుట్ట లావు ప్రభావం పైన ఒకటిన్నర అడుగుల్లోనే.

కరీంనగర్ బిల్డర్

పదడుగుల వెడల్పు షట్టర్ మధ్యలో పలక గాలికి ఊగుతుంది, గైడు పక్కన ఊగదంటే మధ్యలో ఊగదని కాదు. 5 మిల్లీమీటర్లు ఎక్కడ నిలుస్తుంది?

గోదాముల ఏఈ (రిటైర్డ్)

మీరిద్దరూ ఎవరి సైట్ చూసి వాళ్ళు మాట్లాడుతున్నారు, రెండూ జరిగేవే. ఇనుప బ్రష్ పట్టీ పెడితే రాపిడి లేకుండా సందు మూసుకుంటుంది, కానీ నాకు తెలిసిన దుకాణాల్లో దొరికేవి నైలాన్‌వి, వాటిని కొరుకుతాయి. పైన వచ్చేది ఎక్కే ఎలుక, చిట్టెలుక. షట్టర్ పక్క గోడను రెండు మీటర్ల ఎత్తు దాకా సిమెంటు నున్నగా తిప్పి, గైడు బయటి ముఖానికి ఒక అడుగు పొడవు సన్నని రేకు వేస్తే ఎక్కడం చాలావరకు తగ్గుతుంది. పైన రేకు పెట్టాలా వద్దా అన్నది పలక ఎంత ఊగుతుందో షట్టర్ బిగించాక చూసి తేల్చుకోవాలి, ముందే చెప్పలేం.

ఇనుప తలుపు గురించి ఎవరూ అడగలేదు కానీ అదే తేలిక. తలుపు కింద సందు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. పెన్సిల్ దాదాపు ఏడు మిల్లీమీటర్లు, తలుపు కింద నుంచి దొర్లితే ఎలుకకు దారి ఉన్నట్టే. తలుపు గడప దగ్గరే సరి చేయాలి, తలుపుకు కింద పట్టీ పెట్టినా అది గడపకు తగలాలి. కింది నుంచి అడుగు ఎత్తు వరకూ 24 గేజ్ రేకు వేస్తే చెక్క తలుపైనా నిలుస్తుంది. మీది ఇనుమే కాబట్టి గడప చూసుకుంటే చాలు.

హన్మకొండ ఫ్లాట్

ఇదంతా చదివాక మా ఇంటికీ అర్థమైంది. మా వంటింటి సింకు కింద పైపు గోడలోకి పోయే చోట పెద్ద కంత ఉంది. అక్కడ ప్లంబర్ నురుగు కొట్టి పోయాడు. పసుపు నురుగు, ఉబ్బి గట్టిపడేది. దాన్ని కొరికేసి పొడిపొడి చేశాయి.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

ఆ నురుగు గాలిని ఆపుతుంది, ఎలుకను కాదు. నర్సంపేట తమ్ముడి పైపు దగ్గర కూడా ఇదే జరుగుతుంది, కాబట్టి ఒకేసారి చెబుతా.

నాలుగు అంగుళాల పైపు అంటే బయటి కొలత 110 మిల్లీమీటర్లు. మేస్త్రి గోడకు 150, 160 కంత పెట్టి పైపు తోసి చుట్టూ సిమెంటు పూస్తాడు. పీవీసీ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మన ఎండాకాలం ఒకటి గడిచేసరికి పైపు చుట్టూ సన్నటి రింగు లాంటి పగులు వస్తుంది. మొదట వెంట్రుకంత. ఎలుక దాన్ని గోకి పెంచుకుంటుంది. కాబట్టి ముందు కంతలో పైపు చుట్టూ అదే 19 గేజ్ జాలీ మడిచి కుక్కి, దాని మీద సిమెంటు వేయండి. సిమెంటు పగిలినా జాలీ పట్టుకుంటుంది. ఉక్కు పీచు కుక్కమని కొందరు చెబుతారు, మామూలుది తడికి తుప్పుపట్టి రాలిపోతుంది.

ఆ పైన కాలర్ పెట్టాలి. ఒక మిల్లీమీటరు జీఐ రేకు, పది అంగుళాల చదరం. మధ్యలో 112 మిల్లీమీటర్ల రంధ్రం, అంటే పైపు చుట్టూ ఒక్క మిల్లీమీటరే ఖాళీ. పైపు ముందే బిగించి ఉంటే రెండు వేర్వేరు రేకు ముక్కల్లో పైపు పట్టేట్టు గాడి కోసి, చెరోవైపు నుంచి తోసి, ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కేట్టు పెట్టి గోడకు స్క్రూ వేస్తే సరి. పైపుకు స్క్రూ వేయకూడదు, అది కదలాలి. గోడకు రెండు వైపులా పెడితే మంచిది, ఒక్కవైపే అంటే బయటివైపు.

ఇక పైపు లోపలి నుంచి వచ్చే దారి. వాష్‌రూం ఫ్లోర్ ట్రాప్ మూత మీద కన్నులు కూడా 6 మిల్లీమీటర్ల లోపే ఉండాలి, దాన్ని స్క్రూతో బిగించాలి. ఊరికే కూర్చోబెట్టిన మూతను కింది నుంచి తలతో లేపేస్తాయి.

పరకాల పత్తి

కాలర్ అంటే పైపు గోడకు ఆనుకుని పైకి పోయేచోట పెట్టే గరాటు లాంటిదా? మా పాత గోదాం వర్షపు పైపుకు అలాంటిది చూశాను.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

అది వేరే, ఎక్కకుండా ఆపేది. ఎలుక గోడకూ పైపుకూ మధ్య వీపు, కాళ్ళు అదిమి పైకి పోతుంది. గరాటు అంచు పైపు నుంచి అడుగు బయటికి రావాలి, గోడవైపు గోడను తాకాలి, సందు ఉంటే అక్కడి నుంచే దాటుతుంది. నేల నుంచి మీటరు పైన పెట్టాలి, అంతకంటే కింద పెడితే ఎగిరి అందుకుంటుంది. పైపు పక్కన సంచులో కట్టెలో పేర్చితే గరాటు దండగ.

కాజీపేట వెల్డర్

ఎక్కేవాటి సంగతి సరే, తవ్వే పందికొక్కు ఎట్లా మేడం? మా దగ్గర రేగడి నేలల్లో ప్లింత్ కిందికి బొరియలు వేసి ఫ్లోరింగ్ దిగబడిన గోదాములు చూశాను.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

గోడ చుట్టూ కాంక్రీటు అంచు, దాని చివర రెండడుగుల లోతు దిగే కాంక్రీటు గోడ, కింద అడుగు బయటికి తిప్పిన పాదం. బొరియ తవ్వుతూ వచ్చి పాదం దగ్గర ఆగి తిరిగిపోతుంది. ఇది పుస్తకంలో ఉన్నది, ఎర్ర నేలలో పనిచేస్తుంది కూడా.

నల్ల రేగడిలో ఇబ్బంది ఉంది. ఎండాకాలం నేల ముడుచుకుని అంచు గోడ నుంచి విడిపోతుంది, వానకు మళ్ళీ ఉబ్బి అంచును లేపుతుంది. ఆ విడిన చోట పందికొక్కు మొదలుపెడుతుంది. కీలు దగ్గర తారు పోస్తాం, రెండేళ్ళు నిలుస్తుంది, మళ్ళీ పోయాలి. దీనికి నా దగ్గర తేలికైన మందు లేదు. నర్సంపేట తమ్ముడి స్థలం ఏ మట్టి?

నర్సంపేట మక్కలు

పైన ఎర్ర మట్టి, మూడడుగుల కింద రేగడి తగిలింది మేడం. పునాది రేగడి దాటే దింపాం.

కరీంనగర్ బిల్డర్

అయితే అంచు కింద అడుగున్నర మొరం నింపి, దాని మీద అంచు పోయించు. ఉబ్బే మట్టి మీద కాంక్రీటు నేరుగా పెట్టకు.

పరకాల పత్తి

బిళ్ళలు వేసేయొచ్చు కదా బొరియల్లో? అందరూ అదే చేస్తున్నారు.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

ఫాస్ఫైడ్ బిళ్ళల పొగ మనిషినీ చంపుతుంది. అవి శిక్షణ ఉన్నవాళ్ళ చేతిలోనే ఉండాలి, గోదాంకు ఆనుకుని ఇల్లుంటే అస్సలు వద్దు. ఇక్కడ ఆ మాట ఎత్తొద్దు.

నర్సంపేట మక్కలు

మేడం, ఇవన్నీ పెట్టాక ఎక్కడో చిన్న సందు మిగిలితే ఎలా తెలుస్తుంది? మేస్త్రి మాట నమ్మలేం.

గోదాముల ఏఈ (రిటైర్డ్)

రెండు పనులు. రాత్రి లోపల లైట్లన్నీ వేసి, తలుపులు మూసి, బయట చీకట్లో చుట్టూ తిరగండి. వెలుతురు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ సందు. కొన్ని సందులు వంకర తిరిగి ఉంటాయి, వెలుతురు రాదు. అందుకే షట్టర్ లోపలివైపు, తలుపు వెనక, పైపు కింద సన్నగా ముగ్గుపొడి చల్లండి. సుద్ద ముగ్గే వాడండి, బియ్యప్పిండి అయితే చీమలు, ఎలుకలు తినిపోతాయి, గుర్తు మిగలదు. పొద్దున టార్చి పక్కగా పెట్టి చూస్తే కాలి గుర్తు, తోక గీత స్పష్టంగా కనబడతాయి.

పెంటికలు కూడా చూడండి. బియ్యపు గింజంత, చివర సన్నగా ఉంటే చిట్టెలుక, అంటే జాలీ కన్నో చిన్న సందో. సెంటీమీటరు దాటితే పెద్ద ఎలుక, అప్పుడు షట్టర్, గడప, పైపు చూడాలి. గోడ వెంట నల్లటి జిడ్డు మరక కనిపిస్తే అది రోజూ నడిచే దారి, ఆ దారి ఎక్కడ ఆగితే అక్కడే కంత.

కాజీపేట వెల్డర్

సంచులు గోడకు ఆనించి పేర్చితే ఆ మరకా కనపడదు, కంతా కనపడదు. రెండడుగులు వదలండి అన్నా, మనిషి నడిచేటట్టు.

నర్సంపేట మక్కలు

రెండడుగులు చుట్టూ వదిలితే దాదాపు పావు వంతు సంచులు తగ్గుతాయి, ఇంట్లో నాన్నతో గొడవే. చూస్తా. యాంగిల్ ఆర్డర్ పెట్టా. జాలీకి రేపు వరంగల్ పోతున్నా, డ్రిల్ బిట్ జేబులో వేసుకుని. 19 గేజ్ పావు అంగుళం వెల్డ్ మెష్ హన్మకొండలో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

కరీంనగర్ బిల్డర్

రోల్ తెప్పించాలి, కట్ పీస్ ఇవ్వరు. మిగిలింది నాకు ఇవ్వు, తీసుకుంటా.